2024 దీపావళి అక్టోబర్ 31నా, నవంబర్ 1నా? ఈసారి అమావాస్య రెండు రోజులు ఎందుకొచ్చింది?

తెనాలి కోడలు: అందరికీ నమస్కారం. మా ఇంట్లో పెద్ద టెన్షన్‌గా ఉంది. క్యాలెండర్‌లో దీపావళి అక్టోబర్ 31, గురువారం అని ఉంది. ఇండోర్‌లో ఉండే మా బావగారు ఫోన్ చేసి, అక్కడ నవంబర్ 1న చేస్తున్నారు, మీరూ శుక్రవారమే చేయండి అంటున్నారు. పంచాంగం తీసి చూస్తే 31న "చతుర్దశి ప.3.52 వరకు", 1న "అమావాస్య సా.6.16 వరకు" అని ఉంది. లక్ష్మీపూజ ఎప్పుడు చేయాలి? మా మామగారు ప్రతి అమావాస్యకూ తర్పణం వదులుతారు, అదీ 31నేనా?

గుంటూరు బాబాయి: ఇందులో సందేహమేముందమ్మా? సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకు అదే తిథి. 31న తెల్లవారేసరికి చతుర్దశి, 1న తెల్లవారేసరికి అమావాస్య. కాబట్టి మీ బావగారు చెప్పిందే సరైనది.

పంచాంగం మాస్టారు: బాబాయిగారూ, రోజుకు పేరు పెట్టడానికి మీరు చెప్పిన సూత్రం నిజమే. పండుగకు మాత్రం అది ఒక్కటే చాలదు. పోయిన ఏడాది గుర్తు చేసుకోండి. 2023లో అమావాస్య నవంబర్ 12 మధ్యాహ్నం 2.44కు వచ్చి, 13 మధ్యాహ్నం 2.56కు పోయింది. తెల్లవారుజామున అమావాస్య ఉన్నది 13నే. అయినా మనమంతా 12 ఆదివారం రాత్రే దీపాలు పెట్టుకున్నాం. 13 సాయంత్రానికి పాడ్యమి వచ్చేసింది మరి!

అసలు తిథికీ మన తేదీకీ సంబంధం లేదు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి గడిచినట్టు. చంద్రుడు ఒకే వేగంతో నడవడు కాబట్టి కొన్ని తిథులు 20 గంటల్లోనే అయిపోతాయి, కొన్ని 26 గంటలు దాటుతాయి. ఈసారి చంద్రుడు భూమికి బాగా దూరంగా ఉన్నాడు, నెమ్మదిగా నడుస్తున్నాడు. అందుకే ఈ అమావాస్య 26 గంటల 24 నిమిషాలు సాగింది. పైగా మధ్యాహ్నం మొదలైంది. అది రెండు రోజుల మీద పడకుండా ఎలా ఉంటుంది?

కాబట్టి ముందు అడగాల్సింది "ఈ పండుగ పని ఏ పూట చేసేది?" అని. దీపావళి పని సాయంత్రానిది. చీకటి పడ్డాక దీపాలు, ఆ తర్వాత లక్ష్మీపూజ. దానికి ప్రదోషం చూడాలి, అంటే అస్తమయం నుంచి సుమారు ఆరు ఘడియలు, రెండు గంటల ఇరవై నిమిషాల పైచిలుకు. వినాయక చవితికి మధ్యాహ్నం చూస్తారు. మొన్న సెప్టెంబర్ 6న చవితి మధ్యాహ్నం మూడు గంటలకు గానీ రాలేదు. పూజ వేళకు చవితి దొరికింది 7నే, అందుకే 7న చేశాం.

తెనాలి కోడలు: అర్థమైందండీ. కానీ ఈసారి 1వ తేదీన కూడా సాయంత్రం 6.16 వరకు అమావాస్య ఉంది కదా. రెండు రోజులూ సాయంత్రం దొరికినట్టే కదా?

పంచాంగం మాస్టారు: అసలు చిక్కంతా మీరు అడిగిన దాంట్లోనే ఉందమ్మా. హైదరాబాద్‌లో 1న పొద్దు గుంకేది సుమారు 5.45కి. అంటే అస్తమయం తర్వాత అరగంట మాత్రమే అమావాస్య. 31న అయితే ప్రదోషమంతా అమావాస్యే, అర్ధరాత్రీ అమావాస్యే. దీన్నిబట్టి ఎక్కువమంది పండితులు 31 అన్నారు, రెండు తెలుగు రాష్ట్రాల్లో సెలవూ ఆ రోజే.

1 అనేవాళ్లకూ ఆధారం లేకపోలేదు. అమావాస్య సూర్యోదయం నుంచి ఉండి, అస్తమయం దాటాక ఒక ఘడియకు పైగా నిలిస్తే ఆ రోజే అని ధర్మసింధు గ్రంథం చెబుతుంది. ఘడియ అంటే 24 నిమిషాలు. ఇక్కడ 31 నిమిషాలు ఉంది కాబట్టి మాట చెల్లుతుంది. నేను 31 వైపే ఉన్నాను. పూజ ముగిసేలోపు తిథి పోకూడదని నా ఉద్దేశం. అలాగని 1న చేసేవారిది తప్పు అనను.

31నే చేసుకుంటే తెల్లవారుజామున నరక చతుర్దశి తలంటు, సాయంత్రం దీపావళి. రెండూ ఒకే రోజు వస్తాయి.

న్యూజెర్సీ నుంచి: నేను వేరే సంగతి అడుగుతున్నాను, ఏమనుకోకండి. మా నాన్నగారు ఆశ్వయుజ అమావాస్య నాడు పోయారు. తద్దినం విజయవాడలో మా అన్నయ్య పెడతాడు, ఇక్కడ నేను పెడతాను. అన్నయ్య నవంబర్ 1 అంటున్నాడు. ఇక్కడ పురోహితులు అక్టోబర్ 31 అన్నారు. ఒకే తండ్రికి ఇద్దరం రెండు రోజుల్లో పెడితే ఎలా?

పంచాంగం మాస్టారు: బాబూ, ఇద్దరికీ సరిగ్గానే చెప్పారు. అమ్మా, మీ మామగారి తర్పణం ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది, చూడండి.

పితృకార్యానికి అపరాహ్ణం చూస్తారు. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది. మన దగ్గర ఈ రోజుల్లో అది దాదాపు ఒంటిగంట దాటిన దగ్గర్నుంచి మూడున్నర దాకా. 31న అమావాస్య 3.52కు గానీ రాదు, అప్పటికి అపరాహ్ణం అయిపోయింది. 1న ఆ సమయమంతా అమావాస్యే. కాబట్టి తద్దినమైనా, అమావాస్య తర్పణమైనా ఇక్కడ 1నే. దీపావళి గురువారం, తర్పణం శుక్రవారం. తిథి ఒకటే, పనులు రెండు, రోజులూ రెండు.

ఇక మీ ఊరి లెక్క. తిథి మారే క్షణం లోకమంతటికీ ఒకటే, గడియారాలే వేరు. ఇక్కడి మధ్యాహ్నం 3.52 మీకు అదే 31 ఉదయం 6.22. ఇక్కడి సాయంత్రం 6.16 మీకు 1 ఉదయం 8.46. ఇప్పుడు మీ 31 మధ్యాహ్నం చూడండి, పూర్తిగా అమావాస్య. 1న అపరాహ్ణానికి పాడ్యమి. మీకు 31 తప్ప వేరే దారి లేదు. దీపావళి కూడా మీకు 31 సాయంత్రమే, అక్కడ వాదనే లేదు. ఇండియా క్యాలెండర్ గోడకు పెట్టుకుని అందులో తేదీలు పాటిస్తేనే పొరపాటు జరుగుతుంది.

న్యూజెర్సీ నుంచి: చాలా సంతోషమండీ. అన్నయ్యకు ఇది పంపిస్తాను. రెండేళ్ల క్రితం ఇండియా తేదీ చూసుకుని పెట్టాను, ఆ దిగులు ఇంకా ఉంది.

వైజాగ్ వాసి: నాదో మాట. మా ఇంట్లో రెండు పంచాంగాలున్నాయి. ఒకటి ఆకాశంలో కనిపించే గ్రహస్థితిని బట్టి కట్టే దృక్ గణితం, ఇంకోటి పాత గ్రంథాల లెక్కతో కట్టే పూర్వ సిద్ధాంతం. రెండింట్లో తిథి ముగిసే సమయాలు చాలాసార్లు కలవవు, ఒక్కోసారి గంటల తేడా. ఇలా అరగంట దగ్గర నిర్ణయం ఆగినప్పుడు ఏ పంచాంగం నమ్మాలి? పైగా మాకు హైదరాబాద్ కంటే 20 నిమిషాలు ముందే పొద్దు గుంకుతుంది. మాస్టారు చెప్పిన అరగంట మా ఊళ్లో యాభై నిమిషాలు అవుతుంది!

పంచాంగం మాస్టారు: పొద్దు తేడా సంగతి మీరన్నది నిజమే. తూర్పుకు వెళ్లేకొద్దీ 1వ తేదీ వాదన బలపడుతుంది. పంచాంగం సంగతికి వస్తే నేను దృక్ చూస్తాను, ఎందుకంటే గ్రహణం ఆ లెక్క ప్రకారమే కనిపిస్తుంది.

గుంటూరు బాబాయి: మా నాన్నగారు పూర్వ సిద్ధాంతమే పట్టుకున్నారు మాస్టారూ. వ్రతాలు ఋషులు చెప్పిన లెక్కకు కట్టినవి, కంటికి కనిపించే లెక్కకు కాదు అనేవారు. దాన్ని నేను వదలలేను. కానీ సూర్యోదయం ఒక్కటే చూస్తే సరిపోతుందన్న నా మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

తెనాలి కోడలు: మా ఇంట్లో 31 సాయంత్రం పూజ, 1 మధ్యాహ్నం మామగారి తర్పణం అని అనుకున్నాం. బావగారు ఇండోర్‌లో శుక్రవారం చేసుకుంటారు. నువ్వులు, దర్భలు గురువారమే తెప్పించి పెడతాను.