58 వేల వినికిడి మిషనా, లక్షా 84 వేల మిషనా? ఛానెల్స్ చూసి డబ్బు పెట్టొచ్చా?

దిల్‌సుఖ్‌నగర్ అబ్బాయి:
మా నాన్నకి 68. టీవీ సౌండ్ వినపడుతుంది గానీ మాట అర్థం కావట్లేదంటారు. ఒకచోట 8 ఛానెల్స్ జత 58 వేలు, రెండేళ్ల వారంటీ అన్నారు. ఇంకోచోట 24 ఛానెల్స్ జత లక్షా 84 వేలు, నాలుగేళ్ల వారంటీ, ఫిటింగ్ ఫ్రీ అన్నారు. మూడు రెట్లు పెడితే మూడు రెట్లు వినపడుతుందా? వినికిడి పరీక్ష గీత, అదే ఆడియోగ్రామ్‌లో, 500 హెర్ట్జ్ దగ్గర 25 డెసిబెల్స్, 1000 దగ్గర 35, 2000 దగ్గర 55, 4000 దగ్గర 70 ఉంది, రెండు చెవులూ దాదాపు అంతే.

గాడ్జెట్ గురు:
డబ్బుంటే 24 తీసుకో బ్రో, ఆలోచించకు. ఛానెల్ అంటే సౌండ్‌ని ఎన్ని ముక్కలు చేసి విడివిడిగా పెంచగలదు అని. ముక్కలు ఎక్కువైతే క్లారిటీ ఎక్కువ, ఫోన్ కెమెరాలో మెగాపిక్సెల్ లాగానే.

ఆడియాలజిస్ట్, పన్నెండేళ్లు:
ముక్కలు చేస్తుందన్నంత వరకు కరెక్టే. మెగాపిక్సెల్ పోలిక మాత్రం అమ్మేవాళ్లు చెప్పేది, నేనూ ఒకప్పుడు అదే చెప్పాను. ఈ నాన్నగారి ఆడియోగ్రామ్ చూడండి. 500 దగ్గర 25 అంటే అక్కడ మిషన్‌కి పెద్దగా పనే లేదు. అందుకే చెవిలోకి రంధ్రాలున్న మెత్తటి టోపీ, అంటే ఓపెన్ డోమ్ పెడతాం, తక్కువ పిచ్ ఉన్న లావు శబ్దాలు మామూలుగానే చెవిలోకి పోతాయి. పెంచాల్సిందంతా 1500 నుంచి 6000 లోపల ఉంది. స, ష, త, క లాంటి అక్షరాలు వినపడేది అక్కడే, ఆయనకి "మాట అర్థం కావట్లేదు" అనిపించేదీ అందుకే. ఆయన గీత మెట్లు మెట్లుగా పడిపోలేదు, నున్నగా జారింది. అలాంటి గీతకి సరిపడా పెంచడానికి 8 ఛానెల్స్ చాలు. 1000 దాకా బాగుండి 2000కి ఒక్కసారిగా గోడలా పడిపోయే చెవి అయితే 16 అడగమంటాను. ఈల రాకుండా ఆపడంలో, ఫ్యాన్ హోరు తగ్గించడంలో కూడా సన్నటి ముక్కలు కొంత పనికొస్తాయి, కాదనను.

గాడ్జెట్ గురు:
మరి కంపెనీలు ఎందుకు చేస్తున్నాయి సార్, పిచ్చా?

ఆడియాలజిస్ట్, పన్నెండేళ్లు:
చాలా కంపెనీల్లో ఒకే చిప్, ఒకే బాడీ ఉంటాయి. తక్కువ మోడల్‌లో సాఫ్ట్‌వేర్‌తో కొన్ని ఫీచర్లు ఆపేస్తారు, ధర మారేది అక్కడ. పైలెవెల్‌లో వచ్చేది ముఖ్యంగా గోలలో ఎదుటి మనిషి వైపు మైక్ తిప్పుకోవడం, చుట్టూ పరిస్థితి మారితే సెట్టింగ్ తనే మార్చుకోవడం. రోజూ కోర్టులో, మీటింగుల్లో ఉండేవాళ్లకి అది వాడకంలోకి వస్తుంది. ఇంట్లో టీవీ, నలుగురు మనుషులు ఉన్నవాళ్లకి ఎక్కువ భాగం పడుకునే ఉంటుంది. పైగా ఓపెన్ డోమ్‌లోంచి గోల కూడా నేరుగా చెవిలోకి వస్తుంది కాబట్టి ఆ ఫీచర్‌ సత్తువ తగ్గిపోతుంది. 2014లో అమెరికాలో మెంఫిస్ యూనివర్సిటీ వాళ్లు పెద్దవాళ్లకి బేసిక్, ప్రీమియం మిషన్లు నెల చొప్పున మార్చి పెట్టి చూస్తే, మాట అర్థమవడంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

గాడ్జెట్ గురు:
పదేళ్లు దాటింది కదా సార్, అప్పటి మిషన్లు వేరు. ఈ ఒక్కదాంతో నేను ఒప్పుకోను.

మలక్‌పేట మల్లిక:
ఛానెల్స్ సంగతి నాకు తెలీదండీ, మా అత్తమ్మ సంగతి చెబుతా. రెండు లక్షల పది వేలు పెట్టి పెద్ద షాపులో కొన్నాం. ఆ అమ్మాయి కంప్యూటర్‌కి కలిపి పది నిమిషాల్లో "సెట్ అయిపోయింది ఆంటీ" అంది. అన్నం నములుతుంటే కుయ్ మని ఈల, గిన్నె కడిగితే తలలో మోత. వాళ్లు ప్రతిసారీ సౌండ్ తగ్గించారు, ఈల పోయింది, మాట కూడా పోయింది. వేరే ఆయన దగ్గరికి తీసుకెళ్తే, మిషన్‌కి లాక్ ఉంది, ఆ షాపు సాఫ్ట్‌వేర్ తప్ప దేనికీ తెరుచుకోదన్నారు. ఇప్పుడు బీరువాలో నగల పక్కన ఉంది, ధర కూడా దాదాపు అంతే కదా!

ఆడియాలజిస్ట్, పన్నెండేళ్లు:
డోమ్ వదులైతే ఈల వస్తుంది. సైజు మార్చాలి, లేదా చెవి అచ్చు తీసి దానికి సరిపడా మౌల్డ్ చేయించాలి. అది వదిలేసి సౌండ్ తగ్గిస్తే మీరు చెప్పినట్టే అవుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ అబ్బాయిగారూ, రెండుచోట్లా ఒకటే అడగండి: రియల్ ఇయర్ మెజర్‌మెంట్ చేస్తారా? మిషన్ పెట్టిన చెవిలోకి సన్నటి గొట్టం కర్ణభేరి దగ్గరదాకా పంపి, మాటలు వినిపించి, లోపల నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలుస్తారు. స్క్రీన్ మీద టార్గెట్ గీత ఉంటుంది, పక్కన NAL-NL2 అని కనపడొచ్చు, ఎంత పెంచాలో లెక్కగట్టే ఫార్ములా పేరు అది. మెల్లగా, మామూలుగా, గట్టిగా మాట్లాడినట్టు మూడు రకాలుగా చూడాలి. కంపెనీ సాఫ్ట్‌వేర్ చూపించేది సగటు చెవి లెక్క, మీ నాన్న చెవి లెక్క కాదు. మొదటిసారి కలపగానే 3000, 4000 దగ్గర టార్గెట్ కంటే 8, 10 డెసిబెల్స్ తక్కువ రావడం నేను చాలాసార్లు చూశాను. ఆ లోటు 24 ఛానెల్స్‌లోనూ ఉంటుంది.

ఈసీఐఎల్ మామ:
ఇంత అవసరమా? నేను ఆన్‌లైన్‌లో 1,800కి తెప్పించుకున్న, మస్తు వినపడుతుంది.

ఆడియాలజిస్ట్, పన్నెండేళ్లు:
మామా, అది అన్నిటినీ ఒకేలా పెంచే యాంప్లిఫయర్. బాగున్న లావు శబ్దాల్ని కూడా పెంచేస్తుంది. కుక్కర్ విజిల్ ఎలా వినపడుతుందో చెప్పండి.

ఈసీఐఎల్ మామ:
కుక్కర్ పెట్టినప్పుడు తీసేస్తా.

ఉప్పల్ లెక్కలు:
వారంటీ సంగతి ఎవరూ చెప్పట్లేదు. మా నాన్నది స్పీకర్ చెవిలోపల ఉండే ఆర్‌ఐసీ రకం, ఆ మిషన్‌లో రెండుసార్లు రిసీవర్ పోయింది, అంటే చెవిలోకి వెళ్లే చిన్న స్పీకర్. ఒక్కోటి ఏడు వేలు అయింది. పోయింది గులిమి, చెమట వల్ల. వారంటీలోనే ఉన్నా మొదటిసారి "వాడకం లోపం" అని డబ్బు అడిగారు. పడేసుకుంటే వారంటీలో రాదు, డోమ్‌లు, గులిమి ఫిల్టర్లు రావు. ఇప్పుడు మీ లెక్క. చవక జతలో వారంటీ అయ్యాక మూడో ఏడాది, నాలుగో ఏడాది కూడా రెండు వైపులా రిసీవర్లు పోయాయనుకోండి, నాలుగు రిసీవర్లకి ఏడు వేల చొప్పున 28 వేలు. మొత్తం 86 వేలు. అయిదేళ్లు వాడితే ఏడాదికి 17,200. ఖరీదు జత ఏ రిపేరూ రాకపోయినా ఏడాదికి 36,800. అంటే నాలుగేళ్ల వారంటీ అనే మాటకి విలువ ఇవ్వచ్చు గానీ అంత కాదు. సర్వీస్‌కి పంపితే ఎన్ని వారాలు, అన్నాళ్లూ స్టాండ్‌బై మిషన్ ఇస్తారా అనేది కూడా అడగండి. ఇంకోటి, హియరింగ్ ఎయిడ్ మీద జీఎస్టీ లేదు, బిల్లులో మిషన్‌కి ట్యాక్స్ వేస్తే నిలదీయండి.

మలక్‌పేట మల్లిక:
ఛార్జింగ్‌వి తీసుకోవాలా, బ్యాటరీవా అది కూడా చెప్పండి ఎవరైనా.

ఉప్పల్ లెక్కలు:
చేతులు వణికేవాళ్లకి ఛార్జింగే నయం. కానీ లోపలి బ్యాటరీ నాలుగైదేళ్లకి నీరసపడుతుంది, అప్పుడు ఎంత తీసుకుంటారో ముందే రాయించుకోండి. నాకైతే మార్చుకునే 312 సైజు బ్యాటరీలే ఇష్టం, మా ఇంట్లో దీని మీద గొడవ ఇంకా తెగలేదు.

ఆడియాలజిస్ట్, పన్నెండేళ్లు:
అమ్మేవాళ్లు కాని చోట ఒకసారి పరీక్ష చేయించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, వినికిడి లోపాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ముఖ్యంగా మాట స్కోర్ అడగండి. గట్టిగా చదివినా పదాల్లో సగమే సరిగ్గా చెబితే, ఏ ధర మిషనైనా ఆ సగాన్ని పూర్తిగా తేలేదు. అప్పుడు మీ ఇంట్లో వాళ్లు ఎదురుగా వచ్చి మాట్లాడాల్సిందే.

దిల్‌సుఖ్‌నగర్ అబ్బాయి:
రెండు చోట్లకీ మళ్లీ వెళ్లి వచ్చాను. 58 వేలాయన "ఆ గొట్టం టెస్ట్ మా దగ్గర లేదు, కానీ మూడుసార్లు సెట్టింగ్ ఉచితం, లాక్ లేదు" అన్నాడు. లక్షా 84 వేల షాపులో మెషీన్ ఉందట, రిపేర్‌కి పోయిందట, ఎప్పుడొస్తుందో తెలీదట. నాన్న మాత్రం "ఒక్క చెవికి పెట్టించరా, చాలు" అంటున్నారు.