మేనత్త, మేనమామ: బ్యాంకు కాగితాల్లో ఇంగ్లీషులో ఏమని రాయాలి?

పెన్నాతీరం: మా అమ్మమ్మ అన్న కొడుకు ఒకాయన పుణెలో ఉద్యోగం చేస్తూ చనిపోయాడు. పెళ్లి చేసుకోలేదు, తల్లిదండ్రులు ముందే పోయారు, తోడబుట్టినవాళ్లు లేరు. వీలునామా లేదు. ఊరి పెద్దలు రాసిచ్చిన కాగితంలో "మృతునికి మేనత్త ఒకరు, మేనమామ ఒకరు మాత్రమే ఉన్నారు" అని ఉంది. నేను ఇంగ్లీషులో "వన్ ఆంటీ, వన్ అంకుల్" అని రాసి పంపాను. బ్యాంకు వెనక్కి పంపి, వీళ్లు భార్యాభర్తలా అని అడిగింది. ఆ తెలుగు మాటలు అలాగే ఉంచి వివరణ ఇవ్వాలా, లేక ఎవరి తరఫో విడదీసి రాయాలా? తలకొరివి పెట్టింది ఆ మేనమామే. ఇద్దరికీ చెరి సగం వస్తే బాగుంటుందని మా ఇంట్లో అందరి మాట.

గోదారిగట్టు: దీనికింత టెన్షన్ ఎందుకండీ. మేనమామకు మెటర్నల్ అంకుల్, మేనత్తకు పెటర్నల్ ఆంటీ. మన తెలుగులో ప్రతి వరసకూ వేరే మాట ఉంది కాబట్టి ఎక్కడా తికమక ఉండదు. లోపమంతా ఇంగ్లీషుదే.

సాగరిక: నిజమేనండీ, మా పిల్లలు కూడా పక్కింటాయన్నీ అంకుల్ అంటున్నారు, మా అన్నయ్యనీ అంకుల్ అంటున్నారు. మొన్న శుభలేఖ ఇంగ్లీషులో వేయిస్తూ మేనమామ పేరు ఎక్కడ పెట్టాలో తెలియక చివరికి తెలుగులోనే వేయించాం. మీరూ తెలుగులోనే ఉంచేయండి.

పెన్నాతీరం: శుభలేఖ అయితే అలాగే చేసేదాన్నండీ. ఇది బ్యాంకుకు, వాళ్లకు తెలుగు రాదు.

దస్తావేజు: ఇరవై ఏళ్లుగా ఇలాంటి కాగితాలు అనువదిస్తున్నాను. గోదారిగట్టు గారి మాట సగం వరకే నిలుస్తుంది. మెటర్నల్ అంకుల్ అంటే అమ్మ తమ్ముడూ కావచ్చు, అమ్మ చెల్లెలి భర్తా కావచ్చు. రెండోవాడిని మనం బాబాయి అంటాం. అందుకే నేను ఎప్పుడూ మదర్స్ బ్రదర్, ఫాదర్స్ సిస్టర్ అనే రాస్తాను. తెలుగులో తికమక లేదన్నదీ సరికాదు. నాన్న తమ్ముడూ బాబాయే, పిన్ని భర్తా బాబాయే. మేనమామ భార్యనూ అత్తా అనే పిలుస్తాం. మీ కాగితంలో "మేన" అని ఉండబట్టి కొంత నయం.

ఈ కేసులో ఆ తేడా డబ్బు ఎవరికి వెళ్లాలో తేలుస్తుంది. 1956 హిందూ వారసత్వ చట్టంలో మొదటి తరగతి వారసులు ఎవరూ లేకపోతే రెండో తరగతి జాబితా చూస్తారు. అందులో తండ్రి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఏడో వరసలో ఉన్నారు. తల్లి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు తొమ్మిదో వరసలో ఉన్నారు. పై వరసలో ఒక్కరున్నా కింది వరసకు ఏమీ రాదు. అంటే మీ అమ్మమ్మ బతికి ఉన్నారు కాబట్టి మొత్తం ఆమెకే, చెరి సగం అనేది లేదు. "ఆంటీ, అంకుల్" అని రాస్తే ఈ సంగతి కనపడకుండా పోతుంది.

గోదారిగట్టు: అలాగైతే అంకుల్ అనే ఉంచితే ఆ ముసలాయనకు మేలు కదా! తలకొరివి పెట్టినవాడికి ఒక్క రూపాయి రాకపోవడం ఏం న్యాయం?

దస్తావేజు: అనువాదంలో అస్పష్టంగా వదిలి మేలు చేయకూడదండీ. కింద సంతకం పెట్టేది మనం, "మూలానికి సరిగ్గా ఉంది" అని. మీ అమ్మమ్మ గారికి ఆయన మీద మనసుంటే డబ్బు చేతికొచ్చాక ఆయనకు ఇవ్వచ్చు. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి: ఒక ఏడాదిలో 50,000 దాటి ఇస్తే, ఆదాయపు పన్ను లెక్కలో ఆయన ఆమెకు "బంధువు" కాడు, పన్ను ఆయన మీద పడుతుంది. ముందే ఆడిటర్‌ను అడగండి.

ఓరుగల్లు: నా అనుభవం చెప్తాను. మా చిన్నాయన కొడుకును నేను పుట్టినప్పట్నుంచీ తమ్ముడనే పిలుస్తాను. వీసా కోసం మా అమ్మ రాసిన తెలుగు ఉత్తరంలోనూ తమ్ముడు అనే ఉంది, అనువాదంలో బ్రదర్ అయ్యాడు. ఇంటర్వ్యూలో ఇద్దరి తండ్రుల పేర్లు వేరుగా ఎందుకున్నాయని అడిగారు. అబద్ధం రాశామనుకుని తిప్పి పంపారు. మేం అబద్ధం చెప్పలేదు, మా ఇంట్లో వాడు తమ్ముడే. ఇంకోటి, పుణె వాళ్లకు మరాఠీలో మామా, ఆత్యా ఉన్నాయి కదా! ఇంగ్లీషు పక్కన ఆ మాటలు రాస్తే బ్యాంకులో కూర్చున్నామెకు చిటికెలో అర్థమవుతుంది.

దస్తావేజు: మరాఠీ మాట నోటితో చెప్పేటప్పుడు పనికొస్తుంది. కాగితంలోకి మూడో భాష తేవద్దు. కానీ మీ తమ్ముడి సంగతి చదివాక పెన్నాతీరం గారిని ఒకటి అడగాలి. మీ అమ్మమ్మ చనిపోయినాయన తండ్రికి తోడబుట్టినదేనా? అంటే ఒకే తల్లిదండ్రుల పిల్లలేనా? తండ్రి పెదనాన్న కూతురైనా మేనత్తే అంటాం కదా. ఊరి పెద్దలు వరస రాస్తారు, రక్తసంబంధం విడిగా రాయరు. ఫాదర్స్ సిస్టర్ అని మనం రాస్తే మూలంలో లేనిది చేర్చినట్టు అవుతుంది.

పెన్నాతీరం: అమ్మమ్మ ఆయన్ని ఎప్పుడూ "మా అన్న కొడుకు" అనే చెప్పేది. ఆ మాటే పట్టుకుని నేనూ ఇక్కడ రాశాను. సాయంత్రం అడిగి చెప్తాను.

సాగరిక: అయ్యో, అన్నను అన్న అని పిలవడానికి కూడా రుజువు కావాలా? ఒకే ముంగిట్లో పెరిగారు కదా.

దస్తావేజు: పిలవడానికి అక్కర్లేదమ్మా. ఏడో వరసలో నిలబడటానికి కావాలి.

పెన్నాతీరం: అడిగాను. అమ్మమ్మ నాన్న, ఆ అన్న నాన్న అన్నదమ్ములు. అమ్మమ్మ చిన్నాయన కూతురు, ఆయన పెద్దాయన కొడుకు. ఇల్లు ఒకటే, పొయ్యి ఒకటే, అందుకే ఎవరూ విడదీసి చెప్పలేదు. "నేను వాడికి మేనత్తను కాకపోవడమేంటే, పురుడు పోసింది నేను" అని చాలా బాధపడింది. నాకు నోట మాట రాలేదు.

దస్తావేజు: పెద్దావిడ మాటలో తప్పేమీ లేదు, ఆమె మేనత్తే. అయితే చట్టం చెప్పే తండ్రి అక్కచెల్లెళ్లలో ఆమె రారు, తండ్రి తరఫు దూరపు బంధువుల్లోకి వెళ్తారు. వాళ్ల వంతు రెండో తరగతి మొత్తం అయిపోయాకే. అంటే లెక్క తిరగబడింది. ఇప్పుడు ముందు నిలబడేది తలకొరివి పెట్టిన మేనమామ. మీరు ఫాదర్స్ సిస్టర్ అని రాసి పంపి ఉంటే డబ్బు దారి తప్పేది, పైగా తప్పుడు ధృవీకరణ మీ మీదికి వచ్చేది.

నా సలహా ఇదీ. పాత కాగితాన్ని అనువాదంలో సరిదిద్దకండి. పెద్దల చేత కొత్త కాగితం రాయించండి, అందులో "మేనత్త వరస, తండ్రి చిన్నాయన కుమార్తె" అని స్పష్టంగా ఉండాలి. అనువాదంలో మేనత్త అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి ఉంచి, పక్కనే ఆ వివరణ ఇవ్వండి.

ఓరుగల్లు: పక్కన వద్దు, కింద నోట్‌గా పెట్టండి. వాక్యం మధ్యలో వివరణ కనిపిస్తే అనువాదకుడు సొంతంగా కలిపాడని మమ్మల్ని ఒకసారి పట్టుకున్నారు.

దస్తావేజు: కింద పెడితే ఫోటోకాపీ తీసేటప్పుడు నోట్ తెగిపోయిన సందర్భాలు నేను చూశాను. నేను పక్కనే పెడతాను.

గోదారిగట్టు: నేను ముందు అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఒక డౌట్. ఆ మేనమామ మాత్రం చనిపోయినాయన తల్లికి తోడబుట్టినవాడేనా?

పెన్నాతీరం: అది నాకూ తెలియదు. ఆయన కందుకూరులో ఉంటారు, ఆదివారం వెళ్తున్నాను.