నెట్ లేని వైఫైని అమ్మ ఫోన్ వదలడం లేదు, ఏం చేయాలి?

మా ఇంట్లో కరెంటు పోతే రౌటర్ ఇన్వర్టర్ మీద నడుస్తుంది. కానీ వీధిలో ఉన్న కేబుల్ వాళ్ల బాక్సుకి బ్యాకప్ లేదు. అంటే వైఫై సిగ్నల్ నిండుగా ఉంటుంది, నెట్ మాత్రం సున్నా.

నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో కాసేపటికి వైఫై గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం వచ్చి, మొబైల్ డేటాకి మారిపోతుంది. అమ్మ ఫోన్ (అదీ ఆండ్రాయిడే) మాత్రం వైఫైనే పట్టుకుని వేలాడుతుంది. నిన్న గంటసేపు వాట్సాప్ కాల్ చేస్తే మోగనే లేదు, నాకు ఒకటే టెన్షన్. మామూలు కాల్ మాత్రం వెంటనే కలిసింది. డేటా ఆన్‌లోనే ఉంది. వైఫై ఆపగానే మెసేజ్‌లన్నీ వచ్చిపడ్డాయి.

వైఫై సెట్టింగ్స్‌లో తనంతట తాను డేటాకి మారే ఆప్షన్ వెతికి ఆన్ చేశాను, లాభం లేదు. నా అనుమానం ఒకటే. ఎప్పుడో "ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు, అయినా ఉండాలా?" అని అడిగితే, మళ్లీ అడగొద్దని టిక్ పెట్టి అవునని నొక్కేసి ఉంటుంది. ఆమె ఏది వచ్చినా అవుననే నొక్కుతుంది లెండి.

ఆ వైఫైని ఫర్గెట్ చేసి మళ్లీ పాస్‌వర్డ్ కొడితే ఆ పాత జవాబు చెరిగిపోతుందా? ఎవరైనా చేసి చూశారా? నేను ఊళ్లో లేను, ఫోన్‌లోనే అమ్మకి చెప్పి చేయించాలి.