"ఇంట్లోవాళ్ళు పోసినారు": మరణ వాంగ్మూలంలో ఒక మాట

శైలజ, కర్నూలు:
అందరికీ నమస్కారం. కోర్టు కాగితాల తర్జుమా నేర్చుకుంటున్నాను. సాధన కోసం మా మాస్టారు తానే ఒక మరణ వాంగ్మూలం రాసి ఇచ్చారు. నిజం కేసు కాదు, మన వైపు మాటతీరు తెలియాలని రాసింది. అందులో నాలుగు వాక్యాలు:

"సందకాడ వంట చేస్తాంటి. మాటా మాటా పెరిగె. మా ఇంట్లోవాళ్ళు సీమనూనె పోసినారు, అంటిచ్చినారు. మా అత్త వాకిట్లో ఉండె."

మూడో వాక్యాన్ని "కుటుంబసభ్యులు పోశారు" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషు చేశాను. మాస్టారు దాని చుట్టూ ఎర్రసిరాతో గీసి, పక్కన "ఎంతమంది?" అని రాసి తిరిగిచ్చారు. ఇక్కడ "ఇంట్లోవాళ్ళు" అంటే ఒకరా, చాలామందా? ఇంకొకటి, "వాంగ్మూలం" అన్న మాట ఎలా పుట్టింది?

వెంకటసుబ్బయ్య, నంద్యాల:
రెండోది తేలిక అమ్మా. వాక్కు, మూలం కలిసి వాఙ్మూలం. అనునాసిక సంధి. వాఙ్మయం లాంటిదే. ఙ పలకడం కష్టమై జనం వాంగ్మూలం అన్నారు, పత్రికలూ అదే రాస్తున్నాయి, తప్పు పట్టాల్సిన పనిలేదు. నోటిమాటే మూలంగా ఉన్నది అని అర్థం. సీమనూనెలో సీమ మన రాయలసీమ కాదు, సీమసరుకు అంటామే, ఆ సీమ. పరదేశం నుంచి వచ్చిన నూనె.

మహబూబ్ బాషా, ఆదోని:
మా జేజినాయన పోయేముందు రెండెకరాలు మా చిన్నాయనకు అని నలుగురి ముందర చెప్పినాడు. కాగితం లేదు. ఇది మరణ వాంగ్మూలం కింద చెల్లుతుందా?

ప్రభాకర్, అనంతపురం:
బాషా భాయ్, అది వీలునామా సంగతి, వేరే చట్టం, వేరే దారి. మరణ వాంగ్మూలం అనేది తన చావుకు కారణం ఏమిటో, ఆ చావుకు దారితీసిన సంఘటన ఎట్లా జరిగిందో మనిషి చెప్పిన మాట మాత్రమే. పొలం పంపకం అందులోకి రాదు. ఆ సాక్షులను వెంటబెట్టుకుని సివిల్ వకీలును కలవండి.

నాగేంద్ర, కడప:
నాకు తెలిసింది చెప్తా. చచ్చేటప్పుడు మనిషి అబద్ధమాడడు, అందుకే ఎదుటి వకీలు బోనులో అడిగే క్రాస్ ప్రశ్నలు లేకుండానే కోర్టు నమ్ముతుంది. కాకపోతే పక్కన డాక్టర్ ఉండి సర్టిఫికెట్ రాయాల. అది లేకపోతే ఎంత బాగా చెప్పినా చెల్లదు.

ప్రభాకర్, అనంతపురం:
నాగేంద్రా, సగం సరిగానే చెప్పినావు. నేను ముప్పై ఏండ్లు కోర్టులో బెంచి గుమాస్తాగా చేసినవాణ్ణి, ఈ కాగితాలు చాలా చూసినా.

చావు ముందర నిలబడిన మనిషి అబద్ధమాడడన్న నమ్మకం పాత ఇంగ్లీషు చట్టం నుంచి వచ్చింది. అక్కడ, చెప్పేవాడికి తాను ఇక బతకనని తెలిసి ఉండాలనేవాళ్ళు. మన చట్టంలో ఆ షరతు లేదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 32వ సెక్షన్ ఒకటో భాగం, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 26వ సెక్షన్, రెండూ ఒకటే చెప్తాయి: ఆ మాట చెప్పేటప్పుడు చావు భయం ఉన్నా లేకపోయినా ఫరవాలేదు. అసలు కారణం అవసరం. జరిగింది చూసిన మనిషి లేదు, తిరిగి పిలిపించే దారి లేదు. ఆ మాటను కూడా తోసేస్తే, నాలుగు గోడల మధ్య జరిగిన హత్యల్లో చాలావాటికి సాక్ష్యమే ఉండదు.

అట్లని కళ్ళు మూసుకుని నమ్మరు. 1957లో కుశాల్ రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: మాట నిజమని పూర్తిగా నమ్మకం కుదిరితే వేరే సాక్ష్యం తోడు లేకపోయినా దానిమీదే శిక్ష వేయవచ్చు. నమ్మకం కుదరకపోతే తోడు సాక్ష్యం వెతకాల. చనిపోయిన మనిషిని క్రాస్ చేయలేరు కాబట్టే, ఆ మాట రాసుకున్న మేజిస్ట్రేటును బోనెక్కించి గంటలకొద్దీ అడుగుతారు.

డాక్టర్ సర్టిఫికెట్ సంగతి రాత్రికి రాస్తా. దాంట్లోనూ ఒక మాట మీదే తగాదా నడిచింది.

శైలజ, కర్నూలు:
సార్, తప్పకుండా రాయండి. "ఇంట్లోవాళ్ళు" సంగతి ఎవరూ చెప్పలేదు.

లక్ష్మీదేవి, ధర్మవరం:
నేను చెప్తా. మా అమ్మ ఇప్పటికీ మా నాయన పేరు ఎత్తదు. "మా ఇంట్లోవాళ్ళు అంగడికి పోయినారు" అంటుంది. పోయింది ఒక్కడే. పోసినారు, అంటిచ్చినారు అన్నాయమ్మ మొగునికి మర్యాద ఇచ్చి చెప్పిందేమో. నిప్పంటించినవాణ్ణి కూడా "రు" పెట్టే అంటారు మా పల్లెల్లో ఆడవాళ్ళు. ఇది రాస్తాంటే నాకు గొంతు పట్టుకుంటాంది.

నాగేంద్ర, కడప:
అయితే అత్త? "వాకిట్లో ఉండె" అంది కదా. ఇంట్లోవాళ్ళు అంటే మామ, మరిది కూడా కావచ్చు.

లక్ష్మీదేవి, ధర్మవరం:
కావచ్చు. అదే కదా బాధ.

ప్రభాకర్, అనంతపురం:
లక్ష్మీదేవి గారు పట్టుకున్నదే అసలు విషయం. క్రాస్ ఉంటే ఏమవుతుందో చూడండి. బోనులో ఆయమ్మ ఉంటే వకీలు లేచి "ఇంట్లోవాళ్ళంటే ఎవరమ్మా?" అంటాడు. "మా ఆయన" అంటుంది. అరనిమిషం పని. చనిపోయినాక ఆ అరనిమిషం ఎన్నటికీ రాదు. అందుకే ఆ ప్రశ్న మంచం పక్కన కూర్చున్న మేజిస్ట్రేటే అడగాల.

మన రాష్ట్రం క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీసులో 33వ రూలు ఇందుకే ఉంది. మేజిస్ట్రేటు ముందు తానెవరో చెప్పాల. నువ్వు చెప్పగలవా అని అడగాల. మతి సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి చిన్నచిన్న ప్రశ్నలు వేయాల: నీ పేరేమి, ఏ ఊరు, పిల్లలెంతమంది, ఇప్పుడు యాడ ఉండావు. ఆ జవాబులూ, చేత్తో చేసిన సైగలూ అన్నీ రాసి, తనకేమి అనిపించిందో కూడా రాయాల. తర్వాత జరిగింది వీలైనంతవరకు ఆ మనిషి మాటల్లోనే దించాల. నిందితుడు ఫలానా అని గుర్తుపట్టే వివరాలు రాబట్టాల. చివర చదివి వినిపించి, వీలైతే సంతకమో వేలిముద్రో తీసుకోవాల.

శైలజ గారి కాగితంలో లోపించింది ఆ గుర్తుపట్టే ప్రశ్న. "ఇంట్లోవాళ్ళు అంటే ఎవరు? పేరు చెప్పు" అని అడిగుండాల. "మీ ఆయనేనా?" అని అడిగితే మళ్ళీ తప్పు. అప్పుడు తల ఊపినా ఆ జవాబు మేజిస్ట్రేటు నోటినుంచి పుట్టినట్టే.

శైలజ, కర్నూలు:
అడగలేదు అనుకుందాం సార్. అప్పుడు?

ప్రభాకర్, అనంతపురం:
ఉన్నదాంతోనే తూకం. మిగతా సాక్ష్యం చూస్తారు. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరున్నారు, పొరుగువాళ్ళు ఏమి విన్నారు, మొగుని చేతులకు కాలిన గాయాలున్నాయా. అవేవీ లేకపోతే మామను, మరిదిని ఆ ఒక్క "రు" మీద శిక్షించలేరు. మొగుని మీద కూడా గట్టిగా అనుమానం తీరాల. ఇప్పుడు మీ తర్జుమా చూసుకోండి. "కుటుంబసభ్యులు" అని రాసినారు కదా. ఆయమ్మ తేల్చని సంగతిని మీరు తేల్చేసినారు. ముగ్గురు ముద్దాయిలయ్యే మాట అది.

సరిత, పులివెందుల:
మా పెద్దమ్మ కూతురి సంగతి గుర్తొచ్చి రాస్తున్నా. ఆమెను ఆస్పత్రికి తెచ్చింది మొగుడే. "స్టవ్ పేలింది" అని రిజిస్టర్లో ఎక్కింది. మర్నాడు మేజిస్ట్రేటు వచ్చినప్పుడు వేరుగా చెప్పింది. మూడోరోజు పోయింది. కేసు నిలబడలేదు, ముందొకటి తర్వాతొకటి చెప్పిందన్నారు. ఆ మొదటి మాట మా అక్కది కాదని మాకు తెలుసు. ఆ రాత్రి అత్త మంచం దిగకుండా పక్కనే కూర్చుంది, ఎవరూ బయటికి పొమ్మనలేదు.

ప్రభాకర్, అనంతపురం:
అమ్మా, చాలా బాధగా ఉంది. ఆ రిజిస్టర్ చూసేటప్పుడు మొదట వెతకాల్సింది, ఆ సంగతి ఎవరు చెప్పినారని రాసుందో. తెచ్చినవాళ్ళు చెప్పినదైతే అది మీ అక్క వాంగ్మూలమే కాదు. పేషెంటే చెప్పిందని రాసుంటే, రెండు వాంగ్మూలాలైనాయి. ముఖ్యమైన విషయంలో పొసగకపోతే కోర్టు రెండింటినీ విడివిడిగా తూచుతుంది: ఎవరి ముందర, ఎంతసేపటికి, పక్కన ఎవరుండగా. మీ కేసులో ఏమి జరిగిందో తీర్పు చదవకుండా నేను చెప్పలేను.

అందుకే చుట్టాలను, పోలీసులను గది బయటికి పంపి రాసుకోవాలంటారు. నేర్పిన మాట అన్న అనుమానం వస్తే ఎంత నిజమైనా బలం పోతుంది.

ఇక డాక్టర్ మాట. మన రాష్ట్రం నుంచి పోయిన ఒక కేసులో, కాలిన గాయాలతో ఉన్నామె వాంగ్మూలం కింద డాక్టర్ "స్పృహలో ఉంది" అనే రాసినాడు. 1999లో సుప్రీంకోర్టు అది చాలదన్నది. స్పృహలో ఉండటం వేరు, ఆలోచించి చెప్పగలిగే స్థితిలో ఉండటం వేరు అని. నొప్పికి మత్తుసూది వేసిన మనిషి కండ్లు తెరిచి చూస్తుంది, పిలిస్తే ఊఁ అంటుంది, అడిగింది అర్థమయిందో లేదో తెలియదు. ఆ తేడా నిజమైనదే. 2002లో లక్ష్మణ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తులు ఆ తీర్పును పక్కకు పెట్టినారు. తేడా లేదని కాదు. మనిషి చెప్పగలిగే స్థితిలో ఉందని మేజిస్ట్రేటు తన ప్రశ్నలతో తేల్చుకుని, కోర్టుకు అది నమ్మకం కలిగిస్తే, డాక్టర్ రాత లేదనే ఒక్క కారణంతో కొట్టేయకూడదని. నాగేంద్రా, నువ్వు విన్నది 1999 మాట.

నాగేంద్ర, కడప:
అర్థమైంది సార్. అయినా డాక్టర్ రాత ఉంటేనే మేలు అనిపిస్తుంది నాకు.

ప్రభాకర్, అనంతపురం:
నాకూ. వీలైనప్పుడల్లా తీసుకోమనే రూలు చెప్తుంది.

వెంకటసుబ్బయ్య, నంద్యాల:
ఒక సందేహం. "చేస్తాంటి", "అంటిచ్చినారు" అని యాసలో దించితే రేపు వేరే జిల్లా నుంచి వచ్చిన జడ్జికి ఇబ్బంది కదా. "చేస్తుండగా", "అంటించారు" అని సరిచేసి రాస్తే అర్థం మారదు.

లక్ష్మీదేవి, ధర్మవరం:
మాస్టారూ, మారుతుంది. నూలు పనిచేసే ఆడమనిషి "నేను వంట చేస్తుండగా ఘర్షణ జరిగినది" అన్నట్టు కాగితంలో ఉంటే, అది ఆమె చెప్పిందా, రాసినాయప్ప చెప్పినాడా అని నాకే అనుమానం వస్తుంది. "అంటుకునె" అన్నదాన్ని "అంటించారు" అని సరిచేస్తే ప్రమాదం హత్య అవుతుంది.

వెంకటసుబ్బయ్య, నంద్యాల:
అంటుకునె, అంటిచ్చె. నిజమే. ఆ సంగతి ఆలోచించలేదు.

శైలజ, కర్నూలు:
మాస్టారికి ఇట్లా మార్చి పంపుతున్నా: "ఇంట్లోవాళ్ళు" అన్న మాటను అట్లే ఉంచి, కింద గమనిక పెట్టినాను, "ఈ ప్రాంతంలో భర్తను గౌరవంగా చెప్పేటప్పుడు కూడా ఈ మాట, ఈ క్రియ వాడతారు. ఒకరా, ఎక్కువమందా అనేది వాక్యంలో లేదు" అని.

సరిత, పులివెందుల:
మా వైపు మొగవాళ్ళు పెండ్లాన్ని కూడా "ఇంట్లోవాళ్ళు" అంటారు. అది కూడా గమనికలో చేర్చండి.