ఏడు టారో కార్డుల్లో ఒక్క కప్స్ కూడా రాలేదు: ప్రేమ లేదని చదవాలా?

మందారం:
పెళ్ళయి 4 ఏళ్ళు. మా ఆయన పుణెలో, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. మా ఇద్దరి గురించి ఏడు కార్డులు వేశాను. నేను: క్వీన్ ఆఫ్ స్వోర్డ్స్. ఆయన: నైట్ ఆఫ్ పెంటకిల్స్. మా మధ్య ఉన్నది: ఫోర్ ఆఫ్ వాండ్స్. మా బలం: టెన్ ఆఫ్ పెంటకిల్స్. అడ్డు: ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్. కనిపించనిది: ద మూన్. ముందు దారి: సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్. ఒక్క కప్స్ కార్డు లేదు. ప్రేమ గురించి అడిగితే ప్రేమ సూటే రాలేదు. రెండు రోజులుగా టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మా మధ్య ప్రేమ లేదనేనా అర్థం?

తూర్పుగాలి:
బాధపెట్టాలని కాదు చెల్లీ, ఉన్నది చెప్తున్నాను. కప్స్ అంటే నీరు, నీరంటే మనసు. ప్రేమ కోసం వేసిన స్ప్రెడ్‌లో నీరే లేదంటే ఆ బంధం ఎండిపోయిందనే నేను చదువుతాను. మూడు పెంటకిల్స్ వచ్చాయి చూడు, ఇల్లు, డబ్బు, ఉద్యోగం. కాపురం నడుస్తోంది కానీ మనసులు కలవడం లేదు. ఇలాంటి స్ప్రెడ్‌లు చాలా చూశాను.

లెక్కలమాస్టారు:
అమ్మా, నాకు కార్డుల మీద నమ్మకం లేదు. కానీ మీరు నిద్ర మానుకున్నారు కాబట్టి ఒక లెక్క చెప్తాను. డెక్‌లో 78 కార్డులు, అందులో కప్స్ 14. బాగా కలిపి ఏడు తీస్తే ఒక్క కప్స్ కూడా రాకుండా పోయే అవకాశం సుమారు 23.5 శాతం. అంటే నాలుగు సార్లు వేస్తే దాదాపు ఒకసారి ఇలాగే అవుతుంది. ఎంత అన్యోన్యంగా ఉన్న జంట వేసుకున్నా అంతే. కప్స్ అనే కాకుండా నాలుగు సూట్లలో ఏదో ఒకటి లేకపోవడం చూస్తే, ఏడు కార్డుల స్ప్రెడ్‌లో అది 73 శాతం దాకా ఉంటుంది. ఐదు కార్డులే వేస్తే 91 శాతం. మూడు కార్డులైతే చెప్పనే అక్కర్లేదు, ఏదో ఒక సూట్ లేకుండా ఉండటం తప్పదు. మామూలుగా జరిగేదాన్ని శకునం అనుకుని భయపడకండి.

పాతపేక:
నాకూ ఇదే జరిగింది అక్కా. మా పాప ఆడుకుంటూ డెక్‌లో ఆరు కప్స్ ఎక్కడో పడేసింది. నాలుగు నెలలు తెలియలేదు. ఎప్పుడు వేసినా పెంటకిల్సే ఎక్కువ వస్తుంటే డబ్బు సమస్య అనుకున్నాను. చివరికి సోఫా కింద ఏస్ ఆఫ్ కప్స్ దొరికాక లెక్కపెడితే 73 కార్డులే ఉన్నాయి. మిగతా ఐదు ఇంకా దొరకలేదు. మీ కార్డులు ఎక్కడ పోయాయో వెతకండి.

మందారం:
నావి పోలేదండీ, స్ప్రెడ్‌లో రాలేదు అంతే. డెక్ కొత్తది, ఇప్పుడే లెక్కపెట్టాను, 78 ఉన్నాయి. కొన్నాక వేయడం ఇది రెండోసారి.

నీలిదీపం:
మందారం గారూ, కొత్త డెక్ అన్నారు కాబట్టి అర్థాల జోలికి వెళ్ళే ముందు ఒకటి అడగాలి. ఎలా కలిపారు? కొత్త డెక్ పెట్టెలో వరుసగా సర్ది వస్తుంది. ముందు ఏ సూట్‌కూ చెందని 22 మేజర్ కార్డులు, తర్వాత ఒక్కో సూట్ ఏస్ నుంచి కింగ్ దాకా. పన్నెండేళ్ళుగా విశాఖలో కార్డులు చదువుతున్నాను. కొత్త డెక్‌తో వచ్చే మొదటి పది రీడింగుల్లో సూట్ తప్పిపోవడం నేను పట్టించుకోను, ఎందుకంటే సూట్లు ఇంకా గుంపులుగానే ఉంటాయి.

మీ కార్డులే చూడండి. ఎనిమిది, పది, నైట్, ఈ మూడు పెంటకిల్స్ పెట్టెలో దగ్గర దగ్గరగా ఉండేవి. అవి కలిసి పైకి వచ్చాయంటే నాకు అనుమానమే. ఆ తీసిన ఏడింటినీ పక్కన పెట్టి, మిగిలిన 71ని ఉన్న వరుస చెడకుండా తిరగేసి పరచండి. బాగా కలిసిన డెక్‌లో సగటున ప్రతి ఐదారు కార్డులకు ఒక కప్స్ కనిపించాలి. అలా కాకుండా ఒకేచోట కుప్పగా ఉంటే అది మీ కాపురం సంగతి కాదు, కలపడం సంగతి.

మందారం:
స్ప్రెడ్ తీశాక మిగిలిన కట్ట అలాగే ఉంది, ముట్టుకోలేదు. ఇప్పుడే పరిచాను. అడుగునుంచి నాలుగో కార్డు దగ్గర మొదలుపెట్టి తొమ్మిది కప్స్ వరుసగా ఉన్నాయి! మిగతా ఐదు కూడా దానికి కాస్త పైనే. నేను కట్టను చేతిలో పట్టుకుని నాలుగైదు సార్లు కొంచెం కొంచెం తీసి పైన వేశాను. అంతే కలిపింది.

లెక్కలమాస్టారు:
అయితే నేను చెప్పిన 23.5 కూడా మీకు వర్తించదు, అది బాగా కలిసిన డెక్‌కే. మీ డెక్‌లో కప్స్ అడుగున ఉన్నాయి, మీరు పైనుంచి తీశారు. రాకపోవడమే సహజం. ఇక హాయిగా నిద్రపోండమ్మా.

తూర్పుగాలి:
మాస్టారూ, నేను ఒప్పుకోను. ఎలా కలిపినా ఆ క్షణానికి ఏ కార్డు పడాలో అదే పడుతుంది. తక్కువ కలపాలని అనిపించడం కూడా అందులో భాగమే. ప్రతిదాన్నీ కలపడం మీదికి నెట్టేస్తే ఇక చదవడానికి ఏం మిగులుతుంది?

నీలిదీపం:
తూర్పుగాలి గారూ, పడిన కార్డులను చదవొద్దు అనలేదు. పడని కార్డులను చదవడానికి మాత్రం ఇంకాస్త రుజువు కావాలంటాను. ఉన్న కార్డుకు బొమ్మ ఉంది, స్థానం ఉంది. లేని సూట్‌కు అవేవీ ఉండవు. ఆ ఖాళీలో మన భయాన్నే పెట్టుకుంటాం.

ఇంకో మాట. నీరు లేదన్నారు, నీరు ఉంది. ద మూన్ మీన రాశి కార్డు, అది జలరాశి. 1909 నాటి రైడర్-వెయిట్ డెక్ బొమ్మల్లో మడుగులోంచి ఎండ్రకాయ లాంటి ప్రాణి ఒకటి దారి మీదికి పాకుతూ ఉంటుంది. సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్‌లో పడవ ఉంది, అందులో తల మీద ముసుగు కప్పుకున్న ఒకామె, పక్కన బిడ్డ. పడవకు ఒకవైపు నీళ్ళు అలలతో, మరోవైపు నిలకడగా గీశారు. సూట్ స్వోర్డ్స్ అయినా ఆ బొమ్మంతా నీళ్ళ మీదే. సూట్లు మాత్రమే లెక్కపెట్టి మేజర్ కార్డుల్ని వదిలేయడం చాలామంది చేసే పొరపాటు.

ఒకవేళ నిజంగానే కప్స్ పదేపదే రాకపోతే, నేను ప్రేమ లేదని చదవను. ఆ ప్రేమ ఏ దారిన బయటికి వస్తోందో వెతుకుతాను. ఇక్కడ నైట్ ఆఫ్ పెంటకిల్స్ ఉన్నాడు. ఆ గుర్రం కదలకుండా నిలబడి ఉంటుంది, వెనక దున్నిన పొలం. ఇలాంటి మనిషి "నువ్వంటే ఇష్టం" అని నోటితో అనకపోవచ్చు, కరెంటు బిల్లు మాత్రం గడువుకు ముందే కడతాడు. ఎదురుగా మీది క్వీన్ ఆఫ్ స్వోర్డ్స్, మాటకు విలువిచ్చే మనిషి. మీరు మాట కోసం చూస్తున్నారు, ఆయన పని చూపిస్తున్నారు. మనసు సంగతి కనిపించని స్థానంలో మూన్ కింద ఉంది. నేను చదివితే ఇంతే చదువుతాను.

నన్ను ఆపింది మూడో కార్డు. ఫోర్ ఆఫ్ వాండ్స్ అంటే నాలుగు కర్రలకు పూలదండ కట్టిన పందిరి, వెనక జనం. మీ ఇద్దరి మధ్య ఉన్నది ఏమిటంటే పందిరి వచ్చింది. ఆయన హైదరాబాద్ వచ్చినప్పుడు మీరిద్దరే ఉండే సమయం ఎంత?

మందారం:
నెలకు రెండుసార్లు వస్తారు. శనివారం ఉదయం దిగితే నేరుగా మా అత్తగారింటికి వెళ్తాం. ఆడపడుచులు, పిల్లలు, భోజనాలు. ఆదివారం రాత్రి బస్సు ఎక్కించి నేను ఇంటికి వస్తాను. మీరు అడిగాక లెక్క వేసుకుంటే, మేమిద్దరమే ఉండేది బస్టాండ్‌కి వెళ్ళే ఆటోలో నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ ఫ్లాట్ ఈఎంఐ గురించే మాట్లాడుకుంటాం.

లెక్కలమాస్టారు:
అమ్మా, మీ బాధ నిజమే. కానీ వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తూ సెలవులకు వచ్చే ఏ భర్త విషయంలో ఈ ప్రశ్న అడిగినా చాలామంది ఇదే జవాబు చెప్తారు. అది కార్డు చెప్పింది కాదు, నీలిదీపం గారు మంచి ప్రశ్న అడిగారు, అంతే.

నీలిదీపం:
కావచ్చు మాస్టారూ. ఆ బొమ్మ లేకపోతే నాకు ఆ ప్రశ్న తట్టేది కాదని మాత్రం చెప్పగలను.

పాతపేక:
మరి ఇప్పుడు మళ్ళీ వేయొచ్చా? నేనైతే కప్స్ వచ్చేదాకా వేసేదాన్ని.

నీలిదీపం:
అలా చేయకండి. కావాల్సిన కార్డు వచ్చేదాకా వేస్తే చివరికి వచ్చేది మీకు నచ్చిన కార్డే. మందారం గారూ, ముందు డెక్‌ను టేబుల్ మీద పరిచి రెండు చేతులతో కలియబెట్టండి, మూడు నాలుగు నిమిషాలు. కప్స్ గుంపు విడిపోయిందని ఒకసారి తిరగేసి చూసి, మళ్ళీ కలపండి. తర్వాత నెల రోజులకు ఒకసారి చొప్పున, ఇదే ప్రశ్న, ఇవే ఏడు స్థానాలు, మూడు సార్లు వేసి రాసిపెట్టుకోండి. మూడింట్లోనూ కప్స్ రాకపోతే అప్పుడు నేనూ ఆగి చూస్తాను.

లెక్కలమాస్టారు:
ముందే కప్స్ అని అనుకుని వేస్తే, మూడుసార్లూ రాకుండా పోయే అవకాశం సుమారు 77లో ఒకటి. అరుదే, అసాధ్యం కాదు. కానీ వేశాక ఏది రాలేదో చూసి, దానికి అర్థం చెప్తే ఈ లెక్క చెల్లదు. అప్పుడు నాలుగు సూట్లలో ఏది తప్పినా మీకు ఒక కథ దొరుకుతుంది.

తూర్పుగాలి:
నా పద్ధతి వేరు, లేని సూట్‌ను నేను ఇకముందూ చదువుతాను. అయితే మూన్‌ను నేను చూడకుండా వదిలేశాను, అది నా తప్పే. ఎండిపోయింది అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను చెల్లీ. అడుగున దాగి ఉంది అనాల్సింది.

మందారం:
డెక్ కలియబెట్టి పెట్టెలో పెట్టేశాను. మొదటిది వచ్చే నెల ఒకటో తారీఖున వేస్తాను. ఈ శనివారం ఆయన వస్తున్నారు. అత్తయ్యగారికి ఫోన్ చేసి, ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తామని, శనివారం మా ఇంట్లోనే ఉంటామని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు, "సరేనమ్మా" అన్నారు. ఆయనకు ఇంకా చెప్పలేదు.