కింది గోడ గుండెపోటులో నాలుక కింద మాత్ర: వేయాలా, వద్దా?

పల్నాడు_సాగర్
నాన్నగారికి 63 ఏళ్లు. తెల్లవారుజామున గుండెనొప్పి, చెమటలు, వాంతి. దగ్గర్లోని చిన్న ఆస్పత్రిలో నాలుక కింద మాత్ర పెట్టారు. పది నిమిషాల్లో పై బీపీ 110 నుంచి 70కి పడింది. ఇంకో చోటికి తీసుకెళ్తే మెడ నరాలు ఉబ్బాయని లాసిక్స్ ఇంజెక్షన్ ఇచ్చారు, ఇంకా పడిపోయింది. చివరికి సెలైన్ ఎక్కించాకే లేచింది. గుండెపోటుకి ఇచ్చే మందులే కదా ఇవి, నాన్నకి ఎందుకిలా అయింది? తప్పు ఎవరిది?

తెనాలి_రాఘవ
రక్తం చిక్కగా ఉన్నవాళ్లకి ఇలా అవుతుందని విన్నాను. పలచబడే మందు ముందే ఇచ్చి ఉండాల్సింది.

రాత్రిడ్యూటీ
రాఘవ గారూ, దీనికీ రక్తం చిక్కదనానికీ సంబంధం లేదు. సాగర్ గారూ, మూడు సంగతులు చెప్పండి. బీపీ పడినప్పుడు ఆయాసం ఉందా, ఊపిరితిత్తుల్లో నీరుందని ఎవరైనా అన్నారా? యాంజియోలో బ్లాక్ ఎక్కడ కనబడింది? ఛాతీకి కుడివైపు కూడా ఈసీజీ తీశారా?

పల్నాడు_సాగర్
ఆయాసం లేదండీ. ఊపిరితిత్తులు క్లియర్ అని రెండో ఆస్పత్రి కాగితం మీదే రాసుంది. నాడి 54. బ్లాక్ కుడి ధమని మొదట్లోనే, పూర్తిగా మూసుకుపోయిందన్నారు, స్టెంట్ వేశారు. కుడివైపు ఈసీజీ పెద్దాస్పత్రిలో తీశారు. వి4ఆర్‌లో 2 మి.మీ. ఎస్టీ ఎలివేషన్ అని ఉంది. దాని అర్థం ఎవరూ చెప్పలేదు.

రాత్రిడ్యూటీ
కుడి ఛాతీ మీద పెట్టే వి4ఆర్ తీగలో, ఎస్టీ అనే ఈసీజీ గీత భాగం అలా లేచిందంటే మీ నాన్నగారికి ఎడమ జఠరిక కింది గోడతో పాటు కుడి జఠరిక కూడా దెబ్బతింది. రెండింటికీ రక్తం తెచ్చేది చాలామందిలో ఆ కుడి ధమనే. కుడి జఠరికకి వెళ్లే కొమ్మలు విడిపోకముందే అది మూసుకుపోతే రెండూ పోతాయి.

కుడి జఠరిక గోడ పలచన. దాని పని రక్తాన్ని ఊపిరితిత్తుల్లోకి తోయడం, అక్కడ ఎదురు పీడనం తక్కువ కాబట్టి ఆ పలచని గోడ సరిపోతుంది. గుండెపోటుతో ఆ కండరం చచ్చుబడితే తోసే బలం పోతుంది. అప్పుడు రక్తం ముందుకు కదలాలంటే వెనక నుంచి వచ్చే ఒత్తిడే దిక్కు. మోటారు ఆగిపోయిన ఇంట్లో కుళాయి నీళ్లు మేడ మీద ట్యాంకు ఎత్తు మీద ఆధారపడ్డట్టు అన్నమాట. మామూలుగా కుడి కర్ణికలో పీడనం 2 నుంచి 6 మి.మీ. దాకా ఉంటుంది. ఇలాంటి రోగికి అది 10 నుంచి 14 దాకా ఉంటేనే ఎడమ గుండెకి చాలినంత రక్తం చేరుతుంది. మీ నాన్నగారి మెడ నరాలు ఉబ్బింది అందుకే. ఆ పీడనమే ఆయన్ని నిలబెట్టింది.

నాలుక కింద పెట్టే ఆ నైట్రేట్ మాత్ర ప్రధానంగా సిరలను వెడల్పు చేస్తుంది. రక్తం కాళ్లలో, పొట్టలో నిలిచిపోయి గుండెకి తిరిగొచ్చేది తగ్గుతుంది. ఎడమ జఠరికకి ఏమీ అందకపోతే అది ఎంత గట్టిదైనా బీపీ ఎక్కడ నుంచి తెస్తుంది? లాసిక్స్ కూడా అదే దారి: కాసేపు సిరలను సడలిస్తుంది, తర్వాత మూత్రంలో నీటిని పంపేస్తుంది. మెడ నరాలు ఉబ్బితే గుండె నీరుపట్టిందని అనుకోవడం అలవాటు. కానీ ఊపిరితిత్తులు పొడిగా ఉండి, బీపీ తక్కువై, మెడ నరాలు ఉబ్బి ఉంటే ఆగి ఆలోచించాలి. ఆ మూడూ ఒకే కాగితం మీద రాసి కూడా లాసిక్స్ ఇచ్చారు.

అంబులెన్స్_బాబ్జీ
డాక్టర్ గారూ, మీరు చెప్పే కథ పుస్తకంలో బాగుంటుంది. కెనడాలో 2016లో వచ్చిన అధ్యయనం చూశారా? కింది గోడ గుండెపోటు వాళ్లకి అంబులెన్స్‌లో నైట్రేట్ ఇస్తే 8.2 శాతం మందికి బీపీ పడింది. వేరే గోడ వాళ్లకి 8.9 శాతం. ఎక్కడుంది తేడా? అంబులెన్స్‌లో పనిచేసినన్నాళ్లూ ఆ మాత్ర ఇచ్చాను. నొప్పితో గిలగిల్లాడే మనిషికి మాత్ర ఆపడం కూడా తప్పే.

వనజ_విజయనగరం
మా మామగారికి గుండె వీక్ అని రోజూ లాసిక్స్ ఇస్తున్నారు. ఇది చదివాక భయమేస్తోంది. రేపటి నుంచి ఆపేయమంటారా?

రాత్రిడ్యూటీ
వనజ గారూ, ఆపొద్దు. మీ మామగారి విషయం పూర్తిగా వేరు. ఎడమ గుండె వీకై ఊపిరితిత్తుల్లో నీరు చేరేవాళ్లకి అది ప్రాణం నిలిపే మందు. ఆపితే ఆయాసంతో ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తుంది. ఏదైనా మార్చాలంటే ఆయన్ని చూసే డాక్టరే మార్చాలి.

బాబ్జీ గారూ, ఆ అధ్యయనం చదివాను. అందులో లెక్కేసింది కింది గోడ వాళ్లందర్నీ. వాళ్లలో కుడి జఠరిక దెబ్బతిన్నవాళ్లెవరో విడదీయలేదు. కింది గోడ పోటుల్లో కుడి జఠరిక కూడా దెబ్బతినేది మూడో వంతు నుంచి సగం మందిలో. బీపీ కుప్పకూలేంత దెబ్బ అంతకంటే తక్కువ మందిలో. అందరినీ కలిపి సగటు తీస్తే తేడా కనబడదు మరి.

అంబులెన్స్_బాబ్జీ
సరే, 2023లో వచ్చిన సమీక్ష? అది కుడి జఠరిక వాళ్ల మీదే. అందులోనూ స్పష్టమైన తేడా రాలేదు. మీరు నమ్మే పాత భయమంతా 1989 నాటి ఒక చిన్న అధ్యయనం మీద నిలబడి ఉంది.

రాత్రిడ్యూటీ
రాలేదు, నిజమే. కానీ ఆ సమీక్ష రాసినవాళ్లే తమ ఆధారం బలహీనమన్నారు. దాన్ని పట్టుకుని భయం లేదని తేల్చలేం, ఉందని నేనూ తేల్చలేను. నా వాదన వేరే. ఆ మాత్ర వేసినందువల్ల ప్రాణం దక్కుతుందా? 1995లో ఐసిస్-4 అనే అధ్యయనంలో 58 వేల మందికి పైగా గుండెపోటు రోగుల్ని చూశారు. నైట్రేట్ మాత్రలు తీసుకున్నవాళ్లలో మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అంటే అది నొప్పి తగ్గించే మందు, అంతే. అనుమానం ఉన్న రోగికి రెండు నిమిషాలు ఆపితే పోయేది ఏమీ లేదు. వేస్తే మాత్రం పోవచ్చు.

ఫార్మా_కిరణ్
అయితే లెక్క సులువే కదా సర్. బీపీ పడితే సెలైన్ ఎక్కిస్తూ పోవడమే. నిండేకొద్దీ లేస్తుంది.

రాత్రిడ్యూటీ
సగం వరకే నిజం కిరణ్ గారూ. మొదట 250 నుంచి 500 మి.లీ. సెలైన్ ఇచ్చి చూడాలి. బీపీ లేస్తే మంచిదే. లేవకపోతే పోస్తూ పోకూడదు. గుండె చుట్టూ ఉండే సంచి సాగదు. కుడి జఠరిక ఉబ్బితే మధ్య గోడను ఎడమవైపుకి నెట్టేస్తుంది, ఎడమ జఠరిక నిండడానికి చోటు మిగలదు. అప్పుడు సెలైనే బీపీని తగ్గిస్తుంది. ఆ దశలో గుండె కండరం తోపు పెంచే డోబుటమిన్ లాంటి మందు కావాలి. నాడి మరీ తక్కువైతే, కర్ణికలు జఠరికలతో లయ తప్పితే దాన్ని సరిచేయాలి, ఎందుకంటే ఈ రోగికి కర్ణిక ఇచ్చే ఆ చిన్న తోపు కూడా అవసరమే. అన్నిటికంటే ముఖ్యం మూసుకున్న ధమనిని తెరవడం.

నర్సు_లలిత
మా దగ్గర ఒకాయనకి రెండు లీటర్లు వెళ్లాయి. బీపీ లేవలేదు, కాలేయం ఉబ్బింది. ఎకో చేశాకే ఆపారు.

అంబులెన్స్_బాబ్జీ
ఇవన్నీ ఏసీ గదిలో కూర్చుని చెప్పడం తేలిక. రోడ్డు మీద, వెనకాల పదిమంది చుట్టాలు అరుస్తుంటే, మాత్ర వెయ్యకపోతే కొడతారు, వేసి బీపీ పడితే కూడా కొడతారు. రేపు మీ మాట విని ఈ సాగర్ గారు ఆ చిన్న ఆస్పత్రి మీదకి వెళ్తారు. మీకేం, పేరు కూడా లేదు ఇక్కడ.

పల్నాడు_సాగర్
నేను ఎవర్నీ కొట్టడానికి రాలేదు. ఆ రెండు గంటలు నాన్న చేయి పట్టుకుని కూర్చున్నది నేను. చేయి చల్లబడిపోతుంటే ఎవరూ ఎందుకో చెప్పలేదు. నాకు కావాల్సింది అది మాత్రమే.

రాత్రిడ్యూటీ
బాబ్జీ గారూ, మీ కోపం ఇప్పుడు అర్థమైంది. మాత్ర ఇచ్చినవాళ్లు నేరం చేశారని నేను అనలేదు. పై బీపీ 110 ఉన్న మనిషికి మాత్ర వేయడం చాలాచోట్ల ఇప్పటికీ మామూలే. నా పట్టు ఒక్కదాని మీదే. కింది గోడలో ఎస్టీ లేచిన ప్రతి మనిషికీ, ముఖ్యంగా రెండో లీడ్ కంటే మూడో లీడ్‌లో ఎక్కువ లేచినవాళ్లకి, మాత్రకి ముందు కుడివైపు ఈసీజీ తీయాలి. కొత్త మిషన్ అక్కర్లేదు. ఎడమవైపు వి4 తీగను విప్పి కుడివైపు అదే చోట, అయిదో పక్కటెముక సందులో, కాలరెముక మధ్య నుంచి గీసిన గీత మీద అతికించి మళ్లీ తీయాలి. 1 మి.మీ. లేచినా నైట్రేట్, లాసిక్స్ ఆపాలి. అది ఆలస్యం చేస్తే పని జరగదు కూడా. సగం మందిలో పది గంటల్లో ఆ గుర్తు మాయమైపోతుంది.

అంబులెన్స్_బాబ్జీ
ఈసీజీ మిషనే లేని బండ్లలో ఏం చేయమంటారు?

రాత్రిడ్యూటీ
నాడి 60 కంటే తక్కువ, మెడ నరాలు ఉబ్బి, ఊపిరితిత్తుల్లో శబ్దం లేదు, లేదా పై బీపీ వంద చుట్టూ ఉంది. అప్పుడు మాత్ర వద్దు, ఆస్పిరిన్ ఇచ్చి బండి నడపండి. నొప్పి కోసం వేరే దారి ఆస్పత్రిలో చూస్తారు, అక్కడా మార్ఫిన్ జాగ్రత్తగానే ఇవ్వాలి.

అంబులెన్స్_బాబ్జీ
చీకట్లో, కదిలే బండిలో మెడ నరాలు చూడమంటున్నారు. నాడి, బీపీ వరకు ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. మామూలు బీపీ ఉన్నవాడికి మాత్ర ఇస్తాను, ఇవ్వమనే అంటాను.

రాత్రిడ్యూటీ
అక్కడే మనకి కుదరదు బాబ్జీ గారూ. 110 మామూలు బీపీ అంటారు మీరు. ఎప్పుడూ 150 ఉండే మనిషికి 110 అంటే అప్పటికే పడిందని అర్థం. సాగర్ గారూ, నాన్నగారికి అంతకుముందు బీపీ ఎంత ఉండేది?

పల్నాడు_సాగర్
మందులు వేసుకుంటున్నా 150 దగ్గరే ఉండేది.

అంబులెన్స్_బాబ్జీ
అది ముందే చెప్పాల్సింది. బీపీ మందు వేసుకునే మనిషైతే పాత రీడింగ్ అడగాలి, అది నేనూ ఒప్పుకుంటాను.

వనజ_విజయనగరం
ఇప్పుడు నాన్నగారు ఎలా ఉన్నారు సాగర్ గారూ? గుండె బాగవుతుందా?

పల్నాడు_సాగర్
ఇంట్లోనే ఉన్నారండీ, తిరుగుతున్నారు. వచ్చే వారం ఎకో ఉంది.

రాత్రిడ్యూటీ
కుడి జఠరిక చాలామందిలో కోలుకుంటుంది. ఎడమ జఠరిక కంటే దానికి ఆక్సిజన్ అవసరం తక్కువ, పక్క ధమనుల నుంచి కూడా కొంత రక్తం అందుతుంది. ధమని త్వరగా తెరుచుకుంటే ఇంకా మంచిది. ఎకో రిపోర్టులో ఎడమ వైపు పంపింగ్ శాతం ఒక్కటే రాసి వదిలేస్తారు చాలాచోట్ల. కుడి జఠరిక కదలిక కూడా కొలిచి రాయమని అడగండి. మొదటి రోజు ఎకో కాగితం ఉంటే వెంట తీసుకెళ్లండి.