అప్‌డేట్: విడివిడిగా దాచుకున్న రోజులన్నీ చివర బఫర్‌లో పెట్టాం

నా పాత ప్రశ్న: "గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ రిపేరు. ప్రతి పనికీ రోజులు ఎక్కువే వేసుకుంటున్నాం, అయినా ఎందుకు లేటవుతోంది?"

అప్‌డేట్: ఒక్కో పనిలో దాచుకున్న అదనపు రోజుల్ని కోసి, లేటయితే వాడుకోవడానికి చివర ఒకే బఫర్‌గా ఉంచే క్రిటికల్ చైన్ పద్ధతే పట్టుకున్నాం. ఇన్సులేషన్ 12, పైపింగ్ 8, వైరింగ్ 10, ప్యానెల్ 6, మొత్తం 36 రోజులు. వైరింగ్, ప్యానెల్ పక్కపక్కనే నడుస్తాయని కాగితం మీద ఉండేది గానీ రెండింటికీ ఎలక్ట్రీషియన్ ఒక్కడే, కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి పెట్టాం. అన్నీ సగానికి కోస్తే 18 అయ్యాయి, కోసిన దాంట్లో సగం, అంటే 9 రోజులు, చివర బఫర్. మొత్తం 27.

అసలు తేడా ఎక్కడంటే, ఇదివరకు ఇన్సులేషన్ ముందే అయినా పైపింగ్ వాళ్లు పాత తేదీకే వచ్చేవారు, మిగిలిన రోజులు గాలికి పోయేవి. ఇప్పుడు తేదీ చెప్పం, "ఇంకో రెండు రోజుల్లో మీ వంతు" అని ఫోన్ చేస్తాం.

ఇన్సులేషన్, పైపింగ్ కలిపి 10కి బదులు 13 రోజులు పట్టాయి. సగం దాటిన పనికి బఫర్‌లో మూడో వంతే తిన్నాం, కంగారు లేదు. మూడో వంతు పనికే బఫర్ సగం పైగా పోయుంటే అప్పుడు టెన్షన్ పడాలి.

ఓనరు గారు మాత్రం "ఆ 9 రోజులు ఖాళీయేగా, తీసేయండి" అంటున్నారు. ఈ గొడవ ఇంకా తెగలేదు.